వారంటీలో ఉన్న గేమింగ్ ఫోన్ విపరీతంగా వేడెక్కుతోందా? అమ్మినవారికి ఫిర్యాదు ఈమెయిల్ రాసే పద్ధతి

"ఫోన్ పట్టుకోలేనంత వేడెక్కుతోంది, మెయిల్ పెడితే పట్టించుకోవడం లేదు, ఎలా రాయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. వాళ్లకు వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "గేమ్ ఆడితే ఏ ఫోనైనా వేడెక్కుతుంది సార్, అది నార్మల్." ఆ మాటకు చోటు లేకుండా మెయిల్ రాయాలి. అందుకు కావలసిన పనిలో ఎక్కువ భాగం మెయిల్ రాయడానికి ముందే ఉంటుంది.

చెప్పేది స్పష్టంగా ఉండటానికి ఒక కేసు అనుకుందాం. 2025 జనవరి 22న ఆన్‌లైన్ ప్లాట్‌ఫాంలో కొన్న గేమింగ్ ఫోన్, ధర రూ. 34,999, ఏడాది వారంటీ. ఏప్రిల్ మొదట్లో వేడి మొదలైంది. సర్వీస్ సెంటర్‌కు రెండుసార్లు వెళ్లినా తగ్గలేదు. మే 12న అమ్మినవారికి మెయిల్ రాయాలి. ప్రతి దశలో ఈ కేసునే చూద్దాం.

## 1. మామూలు వేడా, లోపమా? ముందు ఇది తేల్చుకోండి

పెద్ద గేమ్ అరగంట ఆడితే బ్యాటరీ వేడి 40 డిగ్రీలు దాటి ఇంకో రెండు మూడు డిగ్రీలు పెరగడం మామూలే. ఆ ఒక్క కారణంతో మెయిల్ పెడితే నిలబడదు.

లోపం ఉందని చూపే గుర్తులు వేరుగా ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా బలమైనది, తేలికపాటి వాడకంలో కూడా కాలడం. వాట్సాప్ వీడియో కాల్ మాట్లాడుతుంటేనో, స్క్రీన్ ఆపి టేబుల్ మీద పెడితేనో వేడెక్కే ఫోన్‌ను "గేమ్ వల్ల" అని ఎవరూ అనలేరు.

రెండో బలమైన గుర్తు, ఫోన్ తనంతట తానే పని తగ్గించుకోవడం. వేడి ఎక్కువైందని స్క్రీన్ మీద హెచ్చరిక రావడం, బ్రైట్‌నెస్ దానంతటదే పడిపోవడం, గేమ్ మూసుకుపోవడం, ఛార్జింగ్ ఆగిపోవడం, ఫోన్ రీస్టార్ట్ అవడం, ఇవన్నీ ఫోనే ఇస్తున్న సాక్ష్యాలు. గేమింగ్ కోసమని ప్రకటించి అమ్మిన ఫోన్ పావుగంట గేమ్ కూడా నడపలేకపోతే, చెప్పిన గుణం అందులో లేదన్నమాట. మీ ఫిర్యాదుకు అసలు బలం ఇక్కడే ఉంది.

ఒక హెచ్చరిక: వెనక మూత లేచినా, స్క్రీన్ అంచు పైకి వచ్చినా, ఘాటైన వాసన వచ్చినా బ్యాటరీ ఉబ్బినట్టే. కింద చెప్పిన పరీక్షలేవీ చేయకండి. ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, మామూలు కొరియర్‌లో పంపకండి. ఆపేసి, మంటకు దొరికే వస్తువులకు దూరంగా పెట్టి, ఫొటో తీసి, మెయిల్ మొదటి వాక్యంలోనే "బ్యాటరీ ఉబ్బింది, ఫోన్ వాడటం ఆపేశాను, మీ మనిషి వచ్చి తీసుకెళ్లాలి" అని రాయండి.

## 2. మీ వైపు కారణాలు తీసేసి, వేడిని కొలవండి

"చాలా హీట్ అవుతోంది" అనే మాట ఎంత గట్టిగా చెప్పినా సాక్ష్యం కాదు. అంకె కావాలి. దానికి ముందు, అవతలివాళ్లు వేసే ప్రశ్నలకు మీరే జవాబు సిద్ధం చేసుకోవాలి.

కొలిచే ముందు ఇవి పూర్తి చేయండి:

- బ్యాక్ కేస్ తీసేయండి.
- పెట్టెలో వచ్చిన ఛార్జర్, కేబులే వాడండి. పరీక్ష సమయంలో ఛార్జింగ్ పెట్టకండి.
- సిస్టమ్ అప్‌డేట్ ఉంటే చేసి, ఒక రోజు ఆగండి. అప్‌డేట్ అయిన వెంటనే ఫోన్ లోపల చాలా పనులు చేసుకుంటుంది, అప్పటి వేడి లెక్కలోకి రాదు.
- సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి. అందులో మీరు వేసుకున్న యాప్‌లు నడవవు. అప్పుడు చల్లగా ఉంటే దోషం ఏదో యాప్‌ది, ఫోన్‌ది కాదు. మెయిల్ కంటే ముందు ఆ యాప్ పట్టుకోండి.

గది వేడి కూడా ముఖ్యం. చాలా ఫోన్ల మాన్యువల్‌లో 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఉంటుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రేకుల గదిలో కొలిచిన లెక్క పంపితే ఆ ఒక్క వాక్యం చూపించి పక్కన పెట్టేస్తారు. తెల్లవారుజామున గానీ, ఏసీ గదిలో గానీ కొలవండి. గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి.

బ్యాటరీ వేడి చూడటానికి చాలా గేమింగ్ ఫోన్లలో గేమ్ మోడ్ ప్యానెల్ ఉంటుంది. కొన్ని ఫోన్లలో డయల్ ప్యాడ్‌లో *#*#4636#*#* కొడితే బ్యాటరీ వివరాలు వస్తాయి. కంప్యూటర్ వాడటం అలవాటున్నవాళ్లు కంప్యూటర్‌లో adb టూల్ వేసుకుని, ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, రెండిటినీ కేబుల్‌తో కలిపి ఈ కమాండ్ ఇవ్వచ్చు:

```
adb shell dumpsys battery
```

వచ్చే వరుసల్లో temperature అనే దాని పక్కన 475 ఉంటే 47.5 డిగ్రీలని అర్థం, పదో వంతు లెక్కలో చూపిస్తుంది. కేబుల్ పెట్టగానే ఫోన్ ఛార్జ్ అవడం మొదలవుతుంది, దాంతో వేడి మారుతుంది. అందుకే పరీక్ష మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రమే పెట్టి వెంటనే తీసేయండి.

పరీక్షలు మూడు చాలు: స్క్రీన్ ఆపి 15 నిమిషాలు, వీడియో కాల్ 15 నిమిషాలు, గేమ్ 30 నిమిషాలు. ఒకదాని తర్వాత ఇంకోటి మొదలుపెట్టే ముందు ఫోన్ పూర్తిగా చల్లారనివ్వండి. మన కేసులో 27 డిగ్రీల ఏసీ గదిలో వచ్చిన లెక్క ఇది:

- స్క్రీన్ ఆపి ఉంచితే: 29 నుంచి 37 డిగ్రీలకు పెరిగింది.
- వీడియో కాల్: 15వ నిమిషానికి 44.
- గేమ్: 12వ నిమిషానికి 47.5. బ్రైట్‌నెస్ పడిపోయింది. 18వ నిమిషంలో హెచ్చరిక వచ్చి గేమ్ మూసుకుపోయింది.

ఇందులో 47.5 కన్నా 37 విలువైన అంకె. ఏ పనీ లేకుండా, చల్లటి గదిలో, ఎనిమిది డిగ్రీలు పెరగడానికి గేమ్ కారణం కాదు కదా.

గేమ్ పరీక్షను ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి. మొదట *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ కనిపించేలా చూపించి, అక్కణ్నుంచి కట్ చేయకుండా గేమ్ మూసుకుపోయేదాకా తీయాలి. మధ్యలో కట్ చేస్తే అది ఏ ఫోనో, ఎంతసేపు ఆడారో తేలదు.

వేడి తగ్గించాలని ఫోన్‌ను ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. బయటికి తీయగానే లోపల తేమ పట్టి, నీరు తగిలిందని చూపే చిన్న స్టిక్కర్ రంగు మారిపోవచ్చు. దాంతో "లిక్విడ్ డ్యామేజ్, వారంటీ లేదు" అని తేల్చేస్తారు.

## 3. సర్వీస్ సెంటర్‌లో జాబ్ షీట్ సరిగ్గా రాయించుకోండి

ఫోన్ తీసుకున్నట్టు సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితమే జాబ్ షీట్. చాలా ఫిర్యాదులు ఓడిపోయేది ఇక్కడే. ఫోన్ ఇచ్చినప్పుడు కౌంటర్‌లో ఉన్న వ్యక్తి కంప్యూటర్‌లో "హీటింగ్" అని ఒక్క మాట కొడతాడు. రెండు రోజుల తర్వాత "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం" అని ఫోన్ తిరిగిస్తారు. కాగితం మీద చూస్తే సమస్య వచ్చింది, తీరింది, అంతే. ఆ కాగితం మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది.

కాబట్టి జాబ్ షీట్‌లో సమస్య అనే చోట మీ మాటల్లో రాయమని అడగండి. "స్క్రీన్ ఆపినా వేడి, వీడియో కాల్‌లో 44 డిగ్రీలు, 18 నిమిషాల్లో గేమ్ మూసుకుపోతోంది" అన్నంత చాలు. అంత రాసే ఖాళీ సిస్టమ్‌లో లేదంటే, వాళ్ల దగ్గరున్న కాపీ మీద పెన్నుతో రాసి సంతకం పెట్టి, ఆ పేజీని ఫొటో తీసుకోండి. అదీ వద్దంటే గొడవ పడక్కర్లేదు. బయటికి రాగానే సర్వీస్ సెంటర్ మెయిల్‌కు "ఈరోజు ఫలానా జాబ్ షీట్ నంబర్ మీద ఈ సమస్యలతో ఫోన్ ఇచ్చాను" అని నాలుగు లైన్లు పంపండి. తేదీతో సహా అది రికార్డే.

ఫోన్ తిరిగి తీసుకునేటప్పుడు ఏం చేశారో రాసిన కాగితం కూడా అడగండి. "టెస్ట్ చేశాం, లోపం కనిపించలేదు" అని రాస్తే, ఎంతసేపు టెస్ట్ చేశారో, ఎంత వేడి వచ్చిందో అడగండి. జవాబు రాకపోతే ఆ సంగతే మెయిల్‌లోకి వెళ్తుంది.

ఫోన్ ఇచ్చే ముందు:

- డేటా బ్యాకప్ తీసుకోండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి.
- ఫోన్ నాలుగు వైపులా, ఛార్జింగ్ పోర్టు, కెమెరా అద్దం, సిమ్ ట్రే గాడి ఫొటోలు తీయండి. తర్వాత "కింద పడింది", "నీళ్లు పడ్డాయి" అంటే ఇవే దిక్కు.
- వీలైతే ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఇవ్వండి. రీసెట్‌కు ముందు గూగుల్ అకౌంట్ తీసేయడం మరవద్దు. దీనివల్ల మీ ఫొటోలు భద్రంగా ఉంటాయి, "మీ యాప్‌ల వల్ల" అనే మాటా పోతుంది.
- బిల్లు ఒరిజినల్ ఇవ్వకండి, కాపీ ఇవ్వండి.

మన కేసులో ఏప్రిల్ 16న మొదటిసారి ఇస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు. మే 5న రెండోసారి ఇస్తే 9న "లోపం కనిపించలేదు" అని ఇచ్చేశారు. 11న ఫోన్ కొన్న వ్యక్తే ఇంట్లో పైన చెప్పిన పరీక్షలు చేశారు. ఇప్పుడు మెయిల్ రాయడానికి సరుకు ఉంది.

## 4. ఎవరికి పంపాలి?

ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు మూడు పక్షాలుంటాయి: ఫోన్ తయారుచేసిన కంపెనీ, ప్లాట్‌ఫాం, నిజంగా అమ్మిన సంస్థ. ఇన్‌వాయిస్ తెరిచి చూడండి. జీఎస్‌టీ నంబర్ పక్కన ఎవరి పేరుందో వాళ్లే మీ అమ్మకందారు. అది చాలాసార్లు ప్లాట్‌ఫాం పేరు కాదు.

మెయిల్ అమ్మకందారుకు రాయండి. సీసీలో ఫిర్యాదులు చూసే ప్లాట్‌ఫాం గ్రీవెన్స్ ఆఫీసర్‌నూ, తయారీ కంపెనీ కస్టమర్ కేర్‌నూ పెట్టండి. గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, చిరునామా వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. సాధారణంగా పేజీ అడుగున దొరుకుతుంది.

ఊళ్లో షాపులో కొన్నవాళ్లు బిల్లు మీద ఉన్న మెయిల్‌కు పంపండి. మెయిల్ లేకపోతే అదే ఉత్తరం ప్రింట్ తీసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

భాష గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. స్థానిక షాపుకు తెలుగులో రాస్తే సరిపోతుంది. దేశమంతా అమ్మే సంస్థకైతే కింద ఇచ్చిన వరుసలోనే ఇంగ్లిష్‌లో రాయండి, చదివేవాళ్లు ఏ రాష్ట్రంలో కూర్చున్నారో తెలియదు కాబట్టి.

## 5. ఏం అడగాలో ఒక్కటే నిర్ణయించుకోండి

"రిపేర్ చేయండి లేదా మార్చండి లేదా డబ్బులివ్వండి, ఏదో ఒకటి చేయండి" అని రాస్తే వాళ్లకు అన్నిటికన్నా చవకైనదే చేస్తారు. మళ్లీ సాఫ్ట్‌వేర్ అప్‌డేటే.

ఇంకా సర్వీస్ సెంటర్‌కు వెళ్లనే లేదంటే, మొదటి మెయిల్‌లో ఉచిత రిపేర్ అడగడమే న్యాయం. అప్పుడు "లోపల పరిశీలించి, బ్యాటరీ గానీ బోర్డు గానీ లోపం ఉన్నదాన్ని మార్చి, ఏం మార్చారో రాసి ఇవ్వాలి" అని అడగండి. ఒకే సమస్యకు రెండు సర్వీసులు అయిపోయాక రిపేర్ అడగక్కర్లేదు. మార్పిడి అడగండి, అది కుదరకపోతే పూర్తి డబ్బు వాపసు. ఈ రెండూ ఆ వరుసలోనే ఉండాలి, గడువు తేదీతో. పదిహేను రోజులు సమంజసమైన గడువు.

మొదటి మెయిల్‌లోనే లక్షల్లో నష్టపరిహారం అడగకండి. మెయిల్ నేరుగా లీగల్ విభాగానికి వెళ్లి, తేలిగ్గా తేలాల్సింది నెలలు పడుతుంది.

## 6. మెయిల్ రాసే వరుస

సబ్జెక్ట్ లైన్‌లో మూడు ఉండాలి: సమస్య, ఆర్డర్ నంబర్, మీరు కోరేది. "అర్జెంట్", "మోసం" లాంటి మాటలతో ఏ ఆర్డర్ గురించో తెలియదు. మొదటి పేరాలోనే కోరిక చెప్పేయండి, చదివేవారు చివరిదాకా వస్తారన్న నమ్మకం లేదు. తర్వాత తేదీల వరుస, తర్వాత కొలతలు, తర్వాత గడువు. మన కేసులో మెయిల్ ఇలా ఉంటుంది:

> సబ్జెక్ట్: వారంటీలో ఉన్న ఫోన్ అతిగా వేడెక్కుతోంది, రెండు సర్వీసుల తర్వాతా తీరలేదు – ఆర్డర్ నం. ________ – ఫోన్ మార్చి ఇవ్వాలని వినతి
>
> గౌరవనీయులైన అమ్మకందారు గారికి,
>
> 22-01-2025న మీ దగ్గర రూ. 34,999కు కొన్న గేమింగ్ ఫోన్ (మోడల్ ________, ఐఎంఈఐ ________, ఇన్‌వాయిస్ నం. ________) తేలికపాటి వాడకంలో కూడా విపరీతంగా వేడెక్కుతోంది. వారంటీ 21-01-2026 వరకు ఉంది. ఫోన్‌ను కొత్తదానితో మార్చి ఇవ్వాలని కోరుతున్నాను.
>
> జరిగినది:
> ఏప్రిల్ 2025 మొదటి వారం: సమస్య మొదలైంది.
> 16-04-2025: అధీకృత సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను (జాబ్ షీట్ ________). సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి 17న ఇచ్చారు. సమస్య తీరలేదు.
> 05-05-2025: మళ్లీ ఇచ్చాను (జాబ్ షీట్ ________). 09-05-2025న లోపం కనిపించలేదని తిరిగి ఇచ్చారు. ఎంతసేపు, ఎలా పరీక్షించారో రాసి ఇవ్వలేదు.
>
> 11-05-2025న నేను కొలిచినవి (గది 27 డిగ్రీలు, కేస్ లేకుండా, ఛార్జింగ్ లేకుండా, తాజా సాఫ్ట్‌వేర్‌తో):
> స్క్రీన్ ఆపి 15 నిమిషాలు ఉంచితే బ్యాటరీ 29 నుంచి 37 డిగ్రీలకు చేరింది.
> వీడియో కాల్‌లో 15 నిమిషాలకు 44 డిగ్రీలు.
> గేమ్‌లో 12 నిమిషాలకు 47.5 డిగ్రీలు. 18వ నిమిషంలో ఫోన్ హెచ్చరిక చూపి గేమ్‌ను మూసేసింది. వీడియో జతచేశాను.
>
> సేఫ్ మోడ్‌లో, ఫ్యాక్టరీ రీసెట్ తర్వాత కూడా ఇదే పరిస్థితి. ఫోన్ కింద పడలేదు, నీరు తగలలేదు. సర్వీస్‌కు ఇచ్చే ముందు తీసిన ఫొటోలు జతచేశాను.
>
> గేమింగ్ కోసమని ప్రకటించి అమ్మిన ఈ ఫోన్ ఆ పనికి పనికిరావడం లేదు. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగి ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించకూడదని వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 చెబుతున్నాయి.
>
> 27-05-2025లోగా ఫోన్ మార్చి ఇవ్వండి. అది వీలుకాకపోతే రూ. 34,999 పూర్తిగా, చెల్లించిన ఖాతాకే వాపసు చేయండి. నా ఫిర్యాదు నంబర్‌ను ఈ మెయిల్‌కు జవాబుగా తెలపండి.
>
> ఇట్లు,
> పేరు, చిరునామా, ఫోన్ నంబర్
>
> జతచేసినవి: 1. ఇన్‌వాయిస్ 2. వారంటీ కార్డు 3. రెండు జాబ్ షీట్లు 4. హెచ్చరిక స్క్రీన్ ఫొటో 5. ఫోన్ స్థితి ఫొటోలు 6. వీడియో లింక్

సేఫ్ మోడ్, రీసెట్ గురించిన వాక్యం మీరు నిజంగా చేసి ఉంటేనే రాయండి. ఒక్క అబద్ధం తేలినా మిగిలిన కొలతలన్నీ అనుమానంలో పడతాయి.

షాపులో కొన్నవాళ్లు ఈ-కామర్స్ నిబంధనల వాక్యం తీసేసి, "వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇది లోపం ఉన్న వస్తువు" అని రాస్తే చాలు. చట్టం గురించి ఒక్క వాక్యమే ఉండాలి. సెక్షన్లు వరుసగా పేరిస్తే బలం పెరగదు, చదివేవారికి అసలు సంగతి దొరకదు.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాటు

వీడియో చేరకపోవడం. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటిన ఫైలు నేరుగా జతకాదు, డ్రైవ్ లింక్‌గా మారుతుంది. లింక్ ఉన్న ఎవరైనా చూసేలా అనుమతి ఇవ్వకపోతే అవతలివారికి తెరుచుకోదు. పంపే ముందు ఇంకో ఫోన్‌లో, మీ అకౌంట్ లేకుండా తెరిచి చూడండి.

అంతా చాట్‌లోనే నడిపించడం. చాట్ విండో మూయగానే పోతుంది, ప్రతిసారీ కొత్త మనిషి వచ్చి మళ్లీ మొదటినుంచి అడుగుతాడు. చాట్‌లో, కాల్‌లో చెప్పిన ప్రతి ముఖ్యమైన మాటనూ అదే రోజు మెయిల్‌లో పెట్టండి: "ఈరోజు మధ్యాహ్నం మీ ప్రతినిధి ఫోన్ చేసి వారంలో పికప్ ఉంటుందన్నారు, దయచేసి నిర్ధారించండి."

కోపంలో రాయడం. డబ్బు పోసి కొన్న ఫోన్ చేతిలో కాలుతుంటే టెన్షన్ రావడం సహజమే. కానీ "దొంగలు", "రివ్యూలో పరువు తీస్తా" అన్న మాటలుంటే జవాబు ఆ మాటలకే వస్తుంది, వేడి సంగతి పక్కకు పోతుంది. రాసి, ఒక రాత్రి ఆగి, చదివి పంపండి.

సొంతంగా తెరిపించడం. వీధి చివరి షాపులో మూత తీయించి థర్మల్ పేస్ట్ వేయించుకుంటే వారంటీ అక్కడితో చిక్కులో పడుతుంది. ఎవరెంత చవకగా చేస్తామన్నా వారంటీ ఉన్నంతకాలం వద్దు.

ఇక వచ్చే జవాబులు. "గేమ్ ఆడితే వేడి మామూలే" అంటే మళ్లీ వాదించకండి. "గేమ్ లేకుండా, స్క్రీన్ ఆపి ఉన్నప్పటి కొలత మెయిల్‌లో ఉంది. ఈ మోడల్‌లో అది మామూలే అయితే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వండి" అని ఒక్క లైన్ పంపండి. రాసివ్వడానికి సాధారణంగా ఎవరూ ముందుకు రారు.

"రీప్లేస్‌మెంట్ గడువు ఏడు రోజులే, అయిపోయింది" అంటే, "నేను అడుగుతున్నది నచ్చలేదని తిరిగి ఇవ్వడం కాదు, వారంటీలో ఉన్న లోపానికి పరిష్కారం" అని గుర్తుచేయండి. ఆ ఏడు రోజుల పాలసీ వారంటీ హక్కును తీసేయదు.

"వారంటీ కంపెనీది, మాకు సంబంధం లేదు" అంటే, కంపెనీ అధీకృత కేంద్రంలో రెండుసార్లు ఇచ్చిన జాబ్ షీట్లు చూపించండి. కంపెనీ సీసీలో ఉంది కాబట్టి, ఇద్దరూ మాట్లాడుకుని గడువులోగా ఒకే జవాబు ఇవ్వమని కోరండి. ఇన్‌వాయిస్ మీద డబ్బు తీసుకున్నవారి పేరే ఉంది, కాబట్టి బాధ్యత పూర్తిగా దులిపేసుకోవడం వాళ్లకు కుదరదు.

## 8. పంపిన తర్వాత

ఆన్‌లైన్ అమ్మకాల్లో ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, అందిన నాటినుంచి నెల రోజుల్లోగా పరిష్కరించాలి. ఇది పైన చెప్పిన 2020 నిబంధనల్లోనే ఉంది. 48 గంటలు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే అదే మెయిల్ థ్రెడ్‌లో చిన్న రిమైండర్ పంపండి. కొత్త మెయిల్ మొదలుపెట్టకండి, చరిత్రంతా ఒకే చోట ఉండాలి.

మీరిచ్చిన గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. ఆర్డర్ నంబర్, జాబ్ షీట్లు చేతిలో పెట్టుకుని చేయండి. వాళ్లు తీర్పు ఇవ్వరు, మీ ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు రప్పిస్తారు. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, అమ్మకందారు బెంగళూరులో ఉన్నా ఢిల్లీలో ఉన్నా సరే. వస్తువుకు చెల్లించిన ధర రూ. 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. ఫిర్యాదుకు కారణం పుట్టిన రెండేళ్లలోగా వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. అక్కడ పెట్టాల్సిన కాగితాలు కొత్తవేమీ కావు, మీ మెయిల్ థ్రెడ్, అందులో జతచేసినవే.

ఈలోగా వారంటీ ముగిసిపోతుందేమోనని కొందరు కంగారు పడతారు. లోపం వారంటీలో ఉండగానే చెప్పారనడానికి జాబ్ షీట్ల తేదీలు, మెయిల్ తేదీ సాక్ష్యం. ముగియడానికి వారం ఉన్నా సరే, ఫోన్ చేసి ఊరుకోకుండా మెయిల్ పెట్టేయండి.

మార్పిడికి ఒప్పుకుంటే పాత ఫోన్ ఇచ్చే ముందు ఇవి రాతలో తెప్పించుకోండి:

- వచ్చేది కొత్త ఫోనా, బాగుచేసినదా.
- వారంటీ ఎప్పటివరకు.
- కొత్త ఐఎంఈఐ నంబర్‌తో ఇన్‌వాయిస్ గానీ, మార్పిడి ధ్రువపత్రం గానీ ఇస్తారా.

కొత్త ఫోన్ రాగానే పెట్టె మీది ఐఎంఈఐ, *#06# కొడితే వచ్చే నంబర్, కాగితం మీది నంబర్ మూడూ సరిచూసుకోండి. తర్వాత అదే గదిలో అవే మూడు పరీక్షలు మళ్లీ చేయండి. స్క్రీన్ ఆపి ఉంచినప్పుడు ఇదీ వేడెక్కుతుంటే, ఆ రోజే ఆ పాత థ్రెడ్‌లోనే రాసేయండి.